తెర మీద ‘నో సిగ్నల్’: తప్పు కేబుల్‌దేనా?

ప్రొజెక్టర్ నీలి తెర మీద ‘నో సిగ్నల్’ అని చూపిస్తే మనవాళ్ల చెయ్యి ముందుగా పోయేది కేబుల్ మీదికే. పీకి మళ్లీ పెడతారు, రాకపోతే పక్క గదిలోంచి ఇంకో కేబుల్ తెచ్చి పెడతారు. బొమ్మ వచ్చేస్తుంది. ‘కేబుల్ పోయింది’ అన్న తీర్పు అక్కడికక్కడే ఖాయమై పాతది బీరువా మీదికి చేరుతుంది. నిజామాబాద్ టౌనులోనైతే ఈ తొందరపాటుకు అయ్యే ఖర్చు కొన్ని వందల రూపాయలు. మోస్రా లాంటి మండల కేంద్రంలో అది ఇంకొంచెం ఎక్కువ. కావలసిన పొడవు, కావలసిన రకం చూసి ఎంచుకోవాలంటే బోధన్‌కో నిజామాబాద్‌కో బస్సెక్కాలి. ఆ పూట పాఠం పోతుంది. తెచ్చిన కొత్త కేబుల్‌తోనూ వారం తిరక్కముందే అదే నీలి తెర మళ్లీ కనబడవచ్చు. కేబుల్ మార్చగానే బొమ్మ రావడం పాత కేబుల్ చెడిందనడానికి రుజువు కాదన్నది ఈ అధ్యాయంలో నా వాదన. ఆ పనిలో ఒకేసారి రెండు మారతాయి. కేబుల్ మారుతుంది, దాంతోపాటు రెండు యంత్రాల మధ్య ఆగిపోయిన సంభాషణ మొదటినుంచి మొదలవుతుంది. రెండింటిలో ఏది బొమ్మను తెచ్చిందో విడదీయకుండా తీర్పు చెప్పలేం.

ముందు ఆ రెండు మాటలనే సాక్ష్యంగా తీసుకుందాం. ‘నో సిగ్నల్’ అని రాసింది ల్యాప్‌టాప్ కాదు, ప్రొజెక్టరే. అంటే దానికి కరెంటు అందుతోంది, దీపం వెలుగుతోంది, లోపలి బోర్డు పనిచేస్తోంది, అక్షరాలను గోడ మీదికి పంపగలుగుతోంది. దాని ఫిర్యాదు ఇంతే: ‘నేను ఇప్పుడు చూస్తున్న ఇన్‌పుట్‌లోకి ఏమీ రావడం లేదు.’ ఇందులో ‘ఇప్పుడు చూస్తున్న’ అన్న ముక్క చాలామంది గమనించరు. వెనక నాలుగు సాకెట్లున్న ప్రొజెక్టర్ వాటిలో ఒక్కదాన్నే చూస్తుంది. కేబుల్ రెండో హెచ్‌డీఎంఐ సాకెట్‌లో ఉండి, ఎంపిక మొదటిదాని మీద ఉంటే అది చెప్పిన మాట అక్షరాలా నిజం. ఇదే తెర ‘ఔట్ ఆఫ్ రేంజ్’ అంటే కథ వేరు: సంకేతం వచ్చింది కానీ తన తాహతుకు మించిన లెక్కలో వచ్చిందని అర్థం. ఏ అక్షరమూ లేకుండా తెర నల్లగా వెలుగుతూ ఉంటే అది మూడో కథ: సంకేతం అందింది, అందులో ఉన్నదే నలుపు. ఈ మూడింటినీ కలిపి ‘డిస్‌ప్లే వస్తలేదు’ అని ఒకే మాటలో చెప్పడంతోనే సగం ఆధారం చేజారిపోతుంది.

ఇక ఆ సంభాషణ సంగతి. హెచ్‌డీఎంఐ కేబుల్ అంటే బొమ్మ ఒకవైపు నుంచి రెండోవైపుకు ప్రవహించే గొట్టం అనుకుంటాం. దాని చివర ఉన్న 19 పిన్నుల్లో బొమ్మను మోసేవి కొన్ని మాత్రమే. మరికొన్ని బొమ్మ మొదలవ్వడానికి ముందు జరిగే మాటామంతీ కోసం. ల్యాప్‌టాప్ 18వ పిన్ను మీద 5 వోల్టులు పంపుతుంది. అవతల తెర ఉంటే 19వ పిన్ను మీద వోల్టేజి పైకి లేపి ‘నేనున్నాను’ అని తెలియజేస్తుంది. దీన్ని హాట్ ప్లగ్ డిటెక్ట్ అంటారు. అప్పుడు ల్యాప్‌టాప్ 15, 16 పిన్నుల మీదుగా తెరలోని చిన్న చిప్‌ను చదువుతుంది. కనీసం 128 బైట్ల ఆ చిట్టాలో తయారీదారు గుర్తు, తెర సైజు, అది చూపగల రిజల్యూషన్లు ఉంటాయి. చివరి బైటు లెక్క సరిచూసుకోవడానికి: మొత్తం బైట్లు కూడితే 256తో శేషం లేకుండా భాగించబడాలి. ఈ చిట్టా పేరు ఈడీఐడీ. 1994లో వీడియో పరికరాల ప్రమాణాల సంస్థ వీసా దీన్ని ఖరారు చేసింది. దీన్ని చదివాకే ల్యాప్‌టాప్ ఏ రిజల్యూషన్‌లో పంపాలో నిర్ణయించుకుని అసలు బొమ్మను వదులుతుంది. వీటిలో ఏ మెట్టు దగ్గర ఆగినా, మామూలుగా తెర చెప్పేది అదే రెండు మాటలు.

కేబుల్ పీకినప్పుడు 19వ పిన్ను వోల్టేజి పడిపోతుంది, తిరిగి పెట్టినప్పుడు లేస్తుంది. ల్యాప్‌టాప్‌కు ఇది కొత్త అతిథి వచ్చినట్టే లెక్క. మళ్లీ చిట్టా చదువుతుంది, మళ్లీ రిజల్యూషన్ ఎంచుకుంటుంది. ప్రొజెక్టర్ ఇంకా పూర్తిగా లేవకముందే ల్యాప్‌టాప్ అడిగి జవాబు రాక ఊరుకున్నదనుకుందాం. లేదా నిద్రలోకి వెళ్లి లేచిన ల్యాప్‌టాప్ ఆ పోర్టును మూసేసిందనుకుందాం. ఏ కేబుల్ పెట్టినా, చివరికి అదే పాత కేబుల్ పెట్టినా బొమ్మ వస్తుంది. కాబట్టి సరైన పరీక్ష చాలా చిన్నది: కొత్త కేబుల్ తేకముందు పాతదాన్నే పూర్తిగా బయటికి తీసి, అయిదారు సెకన్లు ఆగి, గట్టిగా పెట్టి చూడాలి. దాంతో వస్తే కేబుల్‌ను దోషి అనడానికి ఆధారం లేదు. కొత్తదానితో వచ్చి, ఆ వెంటనే పాతదాన్ని తిరిగి పెడితే రాకుండా, మళ్లీ కొత్తదానితో వస్తే అప్పుడు దోషి అనవచ్చు. ఒక్కసారి మార్చి ఆపేస్తే తేలేదేమీ లేదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. పీకి పెట్టినప్పుడు సంభాషణ మాత్రమే కాదు, పిన్నుల మీది దుమ్ము, తుప్పు కూడా రాసుకుని పోతాయి కదా. అంటే లోపం కనెక్టర్‌లోనే ఉండి తాత్కాలికంగా సర్దుకుని ఉండవచ్చు కదా? నిజమే. వేసవి సెలవులంతా తలుపులు మూసి ఉంచిన గదిలో ఇది జరిగే పనే. అయితే ఈ రెండు కారణాలనూ విడదీసే దారి ఉంది. కేబుల్‌ను ముట్టుకోకుండా సంభాషణను మాత్రమే మళ్లీ మొదలుపెట్టించవచ్చు. విండోస్‌లో `Win+Ctrl+Shift+B` నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ తనను తాను తిరిగి ప్రారంభించుకుంటుంది. తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. లేదా ప్రొజెక్టర్‌ను మాత్రమే ఆపి, చల్లారాక మళ్లీ వేయవచ్చు. కేబుల్ కదలకుండానే బొమ్మ వచ్చిందంటే తుప్పును అనుమానించే పని లేదు. రాకుండా, కనెక్టర్‌ను కాస్త కదిపినప్పుడల్లా వచ్చి పోతుంటే కనెక్టరే దోషి. అప్పుడు కేబుల్‌ను పారేయడం న్యాయమే, సాకెట్ వదులైతే తప్ప.

ఒక సందర్భాన్ని మొదలునుంచి చివరిదాకా నడిపిద్దాం. మోస్రాలో ఒక హైస్కూలు గది అనుకోండి. పైకప్పుకు ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్, దాని నుంచి గోడ మీద పైపులో దిగివచ్చిన 15 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్, టేబుల్ మీద ల్యాప్‌టాప్. తెర మీద ‘నో సిగ్నల్’. మొదటి ప్రశ్న ప్రొజెక్టర్‌ను కాదు, ల్యాప్‌టాప్‌ను అడగాలి. `Settings`లో `System`, అందులో `Display` తెరిస్తే పైన దీర్ఘచతురస్రాలు కనిపిస్తాయి. 1 ఒక్కటే ఉందా, 1తోపాటు 2 కూడా ఉందా? రెండోది ఉండి, కింద దాని పేరో మోడల్ నంబరో కనిపిస్తే ల్యాప్‌టాప్ ఆ చిట్టాను చదివిందన్నమాట. అంటే కేబుల్ రెండు చివర్లా తగిలే ఉంది, మాటలాడే పిన్నులు బాగున్నాయి, పోర్టు బతికే ఉంది. అయినా తెర మీద ‘నో సిగ్నల్’ ఉందంటే మిగిలేవి ముఖ్యంగా రెండే అవకాశాలు. ప్రొజెక్టర్ వేరే ఇన్‌పుట్‌ను చూస్తూ ఉండాలి. లేదా మాటలాడే పిన్నులు బాగుండి బొమ్మను మోసే తీగల్లో సంకేతం దారిలో చచ్చిపోతూ ఉండాలి.

ఇక్కడ ఒక విషయం చాలామందిని తికమక పెడుతుంది. ప్రొజెక్టర్ వేరే ఇన్‌పుట్‌ను చూస్తూ ఉంటే ల్యాప్‌టాప్‌కు అది ఎలా కనిపించింది? చిట్టా ఉన్న చిప్‌కు ల్యాప్‌టాప్ పంపే 5 వోల్టులే చాలు. కొన్ని పరికరాల్లో అసలు పరికరం ఆగి ఉన్నా చిట్టా చదవడానికి దొరుకుతుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌కు కనిపించడమంటే తెర తన వంక చూస్తోందని అర్థం కాదు. అన్ని మోడళ్లూ ఇలా ఉండవు. కొన్ని ఎంచుకోని ఇన్‌పుట్ మీద ‘నేనున్నాను’ అన్న వోల్టేజినే ఎత్తవు. అందుకే ఈ పరీక్షలో ‘కనిపించింది’ అన్న జవాబుకు ఉన్న బలం ‘కనిపించలేదు’ అన్న జవాబుకు లేదు. కనిపించకపోతే ముందు రిమోట్‌లో `Source` లేదా `Input` నొక్కి ఒక్కొక్క ఇన్‌పుట్‌నూ వరసగా తిప్పి, ప్రతి ఒక్కదాని మీద అయిదారు సెకన్లు ఆగి చూడాలి. తొందరగా తిప్పేస్తే సరైన ఇన్‌పుట్ మీదికి వచ్చిన క్షణంలో సంభాషణ పూర్తికాక అక్కడా ‘నో సిగ్నల్’ కనిపిస్తుంది. తప్పు లేని ఇన్‌పుట్‌ను తప్పుదనుకుని దాటిపోతాం.

మన గదిలో ఇన్‌పుట్ సరైనదేనని తేలిందనుకుందాం. ఇక మిగిలింది 15 మీటర్ల పొడవు. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో కనిపించే చుక్కలు 1920 ఇంటు 1080, అంటే దాదాపు 20.7 లక్షలు. అంచుల చుట్టూ ఉండే కనబడని ఖాళీలతో కలిపితే 2200 ఇంటు 1125, అంటే 24.75 లక్షలు. సెకనుకు 60 బొమ్మలు కనుక సెకనుకు 14.85 కోట్ల చుక్కలు. ఒక్కో చుక్క కోసం మూడు రంగుల జంట తీగల్లో ఒక్కో జంట మీద 10 బిట్లు పోతాయి. అంటే ఒక్కో జంట మీద సెకనుకు 148.5 కోట్ల బిట్లు. చిట్టా చదివే తీగల వేగం సెకనుకు గరిష్ఠంగా లక్ష బిట్లే. అందుకే పొడవాటి కేబుల్‌లో మాటలు సాఫీగా సాగి బొమ్మ మాత్రం చేరకపోవడం వింతేమీ కాదు. నిజాంసాగర్ కాలువ చివరి ఆయకట్టులో నీరు చేరకపోతే తూము పగిలిందని అనుకోం కదా. తోవ పొడవునా ఎంత పోయిందో చూస్తాం. రాగి తీగలో వేగం పెరిగినకొద్దీ నష్టమూ పెరుగుతుంది.

ఈ అనుమానాన్ని నిర్ధారించుకోవడానికి కొత్త కేబుల్ అక్కరలేదు. `Settings`లో 2వ తెరను ఎంచి, రిజల్యూషన్ 1280 × 720కు తగ్గించాలి. అప్పుడు చుక్కల లెక్క 1650 ఇంటు 750 ఇంటు 60, అంటే సెకనుకు 7.425 కోట్లు, సరిగ్గా సగం. భారం సగమయ్యాక బొమ్మ వస్తే ప్రొజెక్టర్ బాగుంది, ల్యాప్‌టాప్ బాగుంది, కేబుల్ కూడా తెగలేదు. దాని తాహతుకు మించిన వేగం అడుగుతున్నామంతే. అదే కేబుల్ 4కె తెరకు 60 బొమ్మల వేగంతో పెట్టి ఉంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల భారం మోయాల్సి వచ్చేది. సంకేతం పూర్తిగా చావకముందు తెర మీద అక్కడక్కడా తెల్లటి చుక్కలు మిణుకుమంటాయి, లేదా బొమ్మ రెండు మూడు సెకన్లు వచ్చి పోతుంది. డిజిటల్ కేబుల్ ‘అయితే పూర్తిగా వస్తుంది, లేకపోతే అసలు రాదు’ అన్న మాట దాదాపు నిజమే కానీ ఆ ‘దాదాపు’లోనే ఈ మిణుకులు ఉన్నాయి. వాటిని చూస్తే నీలి తెర రాబోతోందని ముందే తెలుస్తుంది.

ఇప్పుడు కేబుల్ మార్చాలనుకుంటే దేనికోసం మారుస్తున్నామో తెలిసి మారుస్తాం. బంగారు పూత కనెక్టర్ ఉన్న ఖరీదైన కేబుల్ కొంటే 15 మీటర్ల నష్టం తగ్గదు. అంత దూరానికి లోపల గాజు నారలున్న ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోవడం మేలు. దానికి దిశ ఉంటుంది: ఒక చివర ‘సోర్స్’, రెండో చివర ‘డిస్‌ప్లే’ అని రాసి ఉంటుంది. తిరగేసి పైపులోకి దింపేస్తే మళ్లీ నో సిగ్నలే, మళ్లీ నిచ్చెనే. లేదా 720లో నడిపించుకోవచ్చు. పాఠం వీడియోలకు, గ్రాఫులకు అది చాలు. కాస్త మసకగా ఉంటుందన్న ఫిర్యాదు వెనక బెంచీల నుంచి రావచ్చు.

ల్యాప్‌టాప్‌కు ప్రొజెక్టర్ కనిపిస్తోంది, అయినా పాఠం మాత్రం గోడ మీద లేదు. ఇది ఇంకో రకం. `Win` తోపాటు `P` నొక్కితే నాలుగు మాటలు వస్తాయి: `PC screen only`, `Duplicate`, `Extend`, `Second screen only`. మొదటిది ఎంపికై ఉంటే ల్యాప్‌టాప్ ఆ పోర్టుకు బొమ్మ పంపడం మానేస్తుంది; ప్రొజెక్టర్ నిజాయితీగానే ‘నో సిగ్నల్’ అంటుంది. `Extend` అయితే గోడ మీద వాల్‌పేపర్ ఒక్కటే కనిపిస్తుంది. పాఠం ల్యాప్‌టాప్ తెర మీదే ఉండిపోతుంది. బోధించడానికి `Duplicate` సులువు. కానీ రెండు తెరలకూ ఒకే రిజల్యూషన్ కుదర్చాలి కనుక పాత ప్రొజెక్టర్‌తో పెడితే ల్యాప్‌టాప్ తెర కూడా చిన్న లెక్కకు దిగిపోతుంది. దాన్ని చెడిపోవడంగా పొరబడతారు.

పాత ప్రొజెక్టర్లన్నాం కనుక వీజీఏ గురించి ఒక మాట. 1987లో ఐబీఎం తెచ్చిన ఆ 15 పిన్నుల నీలి కనెక్టర్‌లో ‘నేనున్నాను’ అని చెప్పే ప్రత్యేకమైన పిన్ను లేదు. అందుకే ‘ముందు ప్రొజెక్టర్ వేయాలి, తర్వాత ల్యాప్‌టాప్’ అన్న పాత నియమం పుట్టింది, వీజీఏ వరకు అది మంచి నియమం. ఆ కేబుల్‌లో ఒక రంగు పిన్ను వంగితే బొమ్మ పోదు, రంగు మాత్రం పోతుంది. ఎరుపు పోతే అంతా నీలి-ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఇక అడాప్టర్లు. ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ నుంచి ప్రొజెక్టర్ వీజీఏకు మార్చే చిన్న డబ్బీ లోపల మార్చే చిప్ ఉంటుంది, అది ఒక్క దిశలోనే పనిచేస్తుంది. పోర్టు రెండు వైపులా సరిగ్గా పట్టినా దిశ తప్పితే సంకేతం రాదు. ఆ చిప్‌కు కరెంటు కూడా కావాలి. ప్రమాణం ప్రకారం 18వ పిన్ను ఇవ్వాల్సింది కనీసం 55 మిల్లీఆంపియర్లే. అంతకన్నా ఎక్కువ లాగే డబ్బీ ఒక ల్యాప్‌టాప్‌తో పనిచేసి మరోదానితో మొరాయిస్తుంది. అలాంటప్పుడు పక్కన యూఎస్‌బీ వైరు ఉన్న అడాప్టర్ తీసుకోవాలి.

తెలంగాణ ప్రభుత్వ బడుల అనుభవం ఈ వాదనకు ఒక మంచి నిదర్శనం. 2016 నవంబరులో ఉన్నత పాఠశాలల్లో డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు బడుల్లో వాడిన పరికరాల్లో కె-యాన్ ఒకటి. ఐఐటీ బాంబే సహకారంతో రూపొందిన ఈ పెట్టెలో కంప్యూటర్, ప్రొజెక్టర్ కలిసే ఉంటాయి. మధ్యలో ఎవరో పీకి పెట్టే హెచ్‌డీఎంఐ కేబుల్ లేదు కనుక ఈ అధ్యాయంలో చెబుతున్న గొడవల్లో చాలావరకు దానికి లేవు. ఇబ్బందులు వచ్చినా వేరే దారిన వస్తాయి. తర్వాత 2023 ప్రాంతంలో వచ్చిన ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లతో ఎంపిక సమస్య తిరిగి వచ్చింది. ఇలాంటి చాలా ప్యానెళ్లలో సొంత ఆండ్రాయిడ్ ఒకటి, వెనక గాడిలోకి దూర్చే కంప్యూటర్ ఒకటి, హెచ్‌డీఎంఐ సాకెట్లు విడిగా ఉంటాయి. ఆ గాడి కంప్యూటర్ ఆగి ఉన్నప్పుడు ఇన్‌పుట్ దాని మీద ఉంటే ఎంత ఖరీదైన ప్యానెలైనా చెప్పేది ‘నో సిగ్నల్’ అనే. అక్కడ మార్చడానికి కేబులే లేదు. ఇన్‌పుట్ మెనూలోకి వెళ్లడమొక్కటే మందు.

ఆఫీసులోని డెస్క్‌టాప్ దగ్గర గ్రాఫిక్స్ కార్డు వల్ల ఇంకో మెలిక వస్తుంది. నిలువు కేబినెట్ వెనక యూఎస్‌బీల గుంపు దగ్గర ఉండే వీడియో సాకెట్ మదర్‌బోర్డుది. దానికి కాస్త కింద అడ్డంగా ఉండే పట్టీ మీది సాకెట్లు కార్డువి. కార్డు పెట్టాక చాలా బోర్డులు తమ సొంత సాకెట్‌ను వాటంతటవే మూసేస్తాయి. మానిటర్‌ను అలవాటుగా పైదానికే పెడితే ఏమీ రాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర `F` ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగమే పనిచేయదు. కార్డు తీసేస్తే పై సాకెట్ వట్టి రంధ్రం. కంప్యూటర్ ఫ్యాను తిరుగుతున్నా ఏ సాకెట్‌కూ ఏమీ రాకపోతే, తెరను వదిలి ర్యామ్‌ను తీసి శుభ్రం చేసి పెట్టడం మొదలు పెట్టాలి. అది తెర సమస్య కాదు.

ఇన్ని సంగతులు విన్నాక ‘ఈ పరీక్షలన్నీ చేసే తీరిక టీచరుకు ఎక్కడిది?’ అని అడిగితే, నిజానికి అవసరమైనవి రెండే: `Display`లో రెండో తెర కనబడుతోందా, ఇన్‌పుట్ సరైనదా. నిమిషం పట్టదు. మిగిలినవి ఆ రెండూ విఫలమైనప్పటికి. కానీ ఒక్క పరిస్థితి మాత్రం నిజంగా ప్రమాదకరం, అక్కడ తొందరపాటు పనికిరాదు. పైకప్పు ప్రొజెక్టర్‌కు ఒక సర్క్యూట్ నుంచి, ల్యాప్‌టాప్‌కు ఇంకో ప్లగ్ నుంచి కరెంటు వస్తూ, ఒకదానికి ఎర్తింగ్ సరిగా లేకపోతే రెండింటి లోహపు తొడుగుల మధ్య వోల్టేజి తేడా ఉంటుంది. కనెక్టర్ లోహాన్ని తాకితే వేళ్లకు చిన్న జిల్లు తెలుస్తుంది. అలాంటి చోట అన్నీ ఆన్‌లో ఉండగా కేబుల్ దూరిస్తే ఆ తేడా ల్యాప్‌టాప్ పోర్టు లోపలి చిప్ గుండా పారి దాన్ని కాల్చేయగలదు. అప్పుడు ఏ తెరా, ఏ కేబుల్‌తోనూ ల్యాప్‌టాప్‌కు కనబడదు. ఉరుములు మెరుపులున్నప్పుడూ ప్రమాదం ఉంటుంది. జిల్లు అనిపించిన గదిలో ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్ చార్జర్ రెండింటి ప్లగ్గులూ తీసేశాకే కేబుల్ పెట్టండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించేదాకా ఆ గదిలో వాటిని మామూలుగా వాడకండి.

కేబుల్ కొనడానికి బోధన్‌కో నిజామాబాద్‌కో వెళ్లాల్సే వస్తే మూడు సంగతులు కాగితం మీద రాసుకుని వెళ్లండి: సాకెట్ల మధ్య అసలు పొడవు, తెర రిజల్యూషన్, రెండు చివర్ల సాకెట్ల పేర్లు. దుకాణంవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు ఆ మూడే. పాత కేబుల్‌ను కూడా సంచీలో వేసుకోండి. దుకాణంలో దాన్ని ఇంకో తెరకు పెట్టి చూస్తే, మీరు కొనబోయేది అవసరమో కాదో డబ్బు ఇవ్వకముందే తెలిసిపోతుంది.